52వ కిలోమీటరు దగ్గర మాయమైన ముల్లు

ఇది ఒక లారీ డ్రైవింగ్ గేమ్ మీద నేను చేసిన పని. స్టూడియో పేరు, గేమ్ పేరు, మ్యాప్ ఆనవాళ్లు తీసేశాను. అంకెలు మాత్రం అప్పట్లో నేను నోట్సులో రాసుకున్నవే. ఫ్లోటింగ్ ఆరిజిన్ అంటే ఏంటో చాలామందికి తెలుసు, ఆటగాడు దూరం వెళ్లగానే ప్రపంచాన్నే వెనక్కి జరిపేయడం. తెలిసి కూడా దాన్ని పెట్టే దారిలో ఎక్కడెక్కడ దెబ్బలు తగులుతాయో ఈ కేసులో బాగా కనబడింది కాబట్టి రాసి పెడుతున్నాను.

పరిస్థితి

మ్యాప్ తూర్పు పడమరలుగా 64 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 12. సున్నా బిందువు పడమటి మూలలో ఉంది. ఒక యూనిట్ అంటే ఒక మీటరు. ఇంజిన్ వాళ్లదే. పొజిషన్లన్నీ 32 బిట్ల ఫ్లోట్‌లో ఉన్నాయి. ఫిజిక్స్‌కి బయటి లైబ్రరీ వాడారు. దాని సోర్స్ వాళ్ల దగ్గర లేదు, చేతిలో ఉన్నది సింగిల్ ప్రెసిషన్ బిల్డ్ మాత్రమే.

ఆట మొదలయ్యే ఊరు పడమట ఉంది, అక్కడ అంతా శుభ్రంగా నడుస్తోంది. తూర్పు చివర, x విలువ 52,000 దాటిన చోట ఒక పోర్టు ఉంది. ఫిర్యాదులన్నీ అక్కడివే. టెస్టింగ్ చూసే అమ్మాయి మొదటి రోజే నాతో అన్న మాట ఇది: "సార్, పోర్టులో బండిని ఉత్తరానికి తిప్పితే స్పీడోమీటర్ ముల్లు వచ్చి పోతూ ఉంటుందండి. తూర్పుకి తిప్పితే ముల్లు ఉంటుంది, కానీ బండి మెల్లగా పాకాల్సిన చోట కదలదు." సగం రోగనిర్ధారణ ఆ రెండు వాక్యాల్లోనే ఉంది. అయితే నేను వెళ్లేసరికి టీమ్ రెండు వారాలుగా వేరే దారిలో ఉంది.

ముందు వెళ్లిన తప్పుదారులు

వాళ్ల మొదటి అనుమానం డెప్త్ బఫర్ మీద. క్యాబిన్ లోపల ఏదో మిణుకుమంటోంది కాబట్టి అలా అనుకోవడం సహజమే. నియర్ ప్లేన్‌ని 5 సెంటీమీటర్ల నుంచి 30కి జరిపారు, రివర్స్‌డ్ జెడ్ కూడా పెట్టారు. రివర్స్‌డ్ జెడ్ మంచిదే, దూరపు కొండల మీద మిణుకు తగ్గింది. ముల్లు మాత్రం అలాగే ఉంది.

ఈ రెండు జబ్బులనీ వేరుచేయడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఆటని పాజ్ చేసి, కెమెరాని మాత్రం మెల్లగా తిప్పాలి. వస్తువు అంచులు కదలకుండా ఉండి, దాని మీది రెండు ఉపరితలాలు ఒకదాన్నొకటి తోసుకుంటుంటే అది డెప్త్ సమస్య. అంచులే ఎగిరిపడుతుంటే పొజిషన్ సమస్య. ఇక్కడ అంచులే ఎగిరిపడ్డాయి. పాజ్‌లో ఉన్నా వణుకుతోంది కాబట్టి యానిమేషన్ మీద అనుమానం కూడా అక్కడితో పోయింది.

తర్వాత ఎవరో యూనిట్‌ని పెద్దది చేద్దామన్నారు. ఒక యూనిట్‌కి పది మీటర్లు పెట్టుకుంటే అంకెలు చిన్నవవుతాయి కదా అని. ఒక బ్రాంచిలో చేసి చూశారు కూడా, ఫలితం లేదు. ఫ్లోట్ తన 24 బిట్ల నిడివిని అంకె ఎంత పెద్దదైతే అంత దూరానికి పరుచుకుంటుంది. 32,768కీ 65,536కీ మధ్య పక్కపక్క రెండు విలువల దూరం, అంటే ఒక మెట్టు, 1/256 మీటరు, అంటే 3.9 మిల్లీమీటర్లు. పది మీటర్ల యూనిట్‌లో పోర్టు 5,200 దగ్గరికి వస్తుంది. అక్కడ మెట్టు 1/2048 యూనిట్, అంటే 4.9 మిల్లీమీటర్లు. కొద్దిగా చెడింది కూడా!

సున్నా బిందువుని మ్యాప్ మధ్యకి తేవడం వాళ్లు చేసిన మూడో ప్రయత్నం. అది తప్పు కాదు, చాలదంతే. గరిష్ఠ దూరం సగమైతే దక్కేది ఒక్క బిట్టు, 3.9 కాస్తా 1.95 అవుతుంది. పైగా సేవ్ ఫైళ్లన్నీ మార్చాలి. అది మాన్పించి, సున్నాని మళ్లీ మూలకే చేర్చమన్నాను. వణుకు గట్టిగా ఉన్నప్పుడే కారణం దొరుకుతుంది.

ముల్లు ఎందుకు మాయమైంది

స్క్రీన్ మీద ఒక డీబగ్ వరస రాయించాను. కెమెరా x, z విలువలు, వాటి పక్కనే ఆ విలువ దగ్గర ఫ్లోట్ మెట్టు ఎన్ని మిల్లీమీటర్లో.

```cpp
float step = (nextafterf(fabsf(x), INFINITY) - fabsf(x)) * 1000.0f;
```

పోర్టులో x కి 3.91, z కి 0.98 చూపించింది. z విలువ అక్కడ 9,000 దగ్గర్లో ఉంది మరి.

ఇప్పుడు ఆ అమ్మాయి మాట గుర్తు చేసుకోండి. బండి ఉత్తరానికి తిరిగి ఉంటే డ్యాష్‌బోర్డు అడ్డం x దిశలో పరుచుకుంటుంది. ముల్లు వెడల్పు 2 మిల్లీమీటర్లు. షేడర్ ప్రతి వర్టెక్స్‌నీ ముందు ప్రపంచ కోఆర్డినేట్‌లోకి మార్చి, ఆ తర్వాత కెమెరాలోకి తెస్తోంది, పొగమంచు లెక్కకి ప్రపంచ పొజిషన్ కావాలని. ప్రపంచ కోఆర్డినేట్‌లోకి రాగానే ముల్లు ఎడమ అంచు, కుడి అంచు దేనికది దగ్గర్లోని 3.9 మిల్లీమీటర్ల మెట్టుకి అంటుకుంటాయి. రెండూ ఒకే మెట్టు మీద పడితే ముల్లు వెడల్పు సున్నా, త్రిభుజం గీయబడదు. పక్కపక్క మెట్ల మీద పడితే ముల్లు రెట్టింపు లావు. ఇంజిన్ అదురుకి బండి రవ్వంత కదిలినప్పుడల్లా ఈ రెండిటి మధ్య ఊగుతోంది. మోడల్, వ్యూ మేట్రిక్సులని ముందే కలిపి పంపే ఇంజిన్ అయితే వర్టెక్సులు విడివిడిగా చెదరవు, వస్తువు మొత్తం ఒక్కటిగా వణుకుతుంది. వణికే తీరు చూసి షేడర్ ఏం చేస్తోందో ఊహించవచ్చు.

దూరంగా ఉన్న క్రేన్లు ఎందుకు బాగున్నాయని ఆర్టిస్టు అడిగాడు. అవీ అంతే తప్పుతో ఉన్నాయి. కళ్లకి అర మీటరు దూరంలో ఉన్న డ్యాష్‌బోర్డు మీద 4 మిల్లీమీటర్లంటే, 1080 వరసల స్క్రీన్‌లో 60 డిగ్రీల చూపుకి ఏడు పిక్సెళ్లు. వంద మీటర్ల అవతలి క్రేన్ మీద అదే తప్పు పిక్సెల్‌లో ఇరవయ్యో వంతు కూడా రాదు.

కెమెరా దగ్గర తీసివేత: ఒకసారి తప్పుగా, ఒకసారి సరిగ్గా

గీయడం వరకు మందు తెలిసిందే. వస్తువు పొజిషన్‌లోంచి కెమెరా పొజిషన్ తీసేసి, మిగిలిన చిన్న అంకెనే జీపీయూకి పంపాలి. కుర్రాడొకడు ఒక్క పూటలో రాసేశాడు. వణుకు తగ్గలేదు. అతను రాసింది ఇది:

```cpp
vec3 rel = vec3(objPos) - vec3(camPos);
```

`objPos`, `camPos` లని డబుల్‌కి మార్చాడు, కానీ తీసివేతకి ముందే ఫ్లోట్‌లోకి దించేశాడు. దగ్గరదగ్గరి రెండు ఫ్లోట్ల తీసివేతలో తప్పు రాదు, జవాబు కచ్చితంగానే వస్తుంది. తప్పు అంతకుముందే, దించడంలో జరిగిపోయింది. బ్రాకెట్ ఒకటి జరిపితే సరిపోయింది:

```cpp
vec3 rel = vec3(objPos - camPos);      // తీసివేత డబుల్‌లో
mat4 mv  = viewRot * translate(rel) * objRot;
```

షేడర్‌లోనే డబుల్ వాడొచ్చు కదా అన్న ప్రశ్న వచ్చింది. మామూలు గేమింగ్ కార్డుల్లో డబుల్ లెక్క ఫ్లోట్ కంటే కొన్ని పదుల రెట్లు నెమ్మది. వస్తువుకి ఒక్క తీసివేత సీపీయూలో చేస్తే పోయేదానికి ప్రతి వర్టెక్స్ మీదా అంత ఖర్చు పెట్టడం దండగ.

ముల్లు నిలబడింది. స్టూడియోలో అందరూ కేసు ముగిసిందనుకున్నారు. నేను రెండో ఫిర్యాదు చూడమన్నాను.

కదలని బండి

పోర్టు ర్యాంపు మీద బ్రేకు వదిలితే లారీ సెకనుకి 20 సెంటీమీటర్ల వేగంతో పాకాలి. ఫిజిక్స్ సెకనుకి 120 సార్లు నడుస్తోంది, అంటే ఒక్కో అడుగుకి 1.67 మిల్లీమీటర్లు. x దిశలో మెట్టు 3.91. అందులో సగం, 1.95 కంటే తక్కువ కలిపితే ఫ్లోట్ మళ్లీ పాత విలువకే వచ్చేస్తుంది. కాబట్టి వేగం 20 అని చూపిస్తూనే బండి నిలబడిపోతుంది. ఉత్తరానికి తిప్పితే మెట్టు ఒక మిల్లీమీటరే కాబట్టి పాకుతుంది. అది కూడా 1.67 బదులు ప్రతిసారీ రెండు మెట్లు, అంటే 1.95, ఉండాల్సిన దానికంటే వేగంగా.

గీయడంలో ఏం చేసినా ఇది బాగుపడదు. పొజిషన్ దాచుకున్న చోటే చెడింది. డబుల్‌లో బిల్డ్ అయ్యే ఫిజిక్స్ లైబ్రరీలు ఉన్నాయి, బుల్లెట్, జోల్ట్ రెండిటికీ ఆ సదుపాయం ఉంది. ఇక్కడ లైబ్రరీ మార్చడమంటే టైర్లు, సస్పెన్షన్ ట్యూనింగ్ అంతా మొదటికి రావడం. విడుదలకి నాలుగు నెలలుంది. ఆ కారణంగానే ఫ్లోటింగ్ ఆరిజిన్ వైపు మొగ్గాను. కొత్త ప్రాజెక్టు అయితే నేను డబుల్ ఫిజిక్సే అడిగేవాణ్ణి.

మొదటి జరుపుడు, రాత్రంతా నడిచిన బాట్

మొదటి కూర్పు అందరూ రాసేదే. ఆటగాడు సున్నా నుంచి 1,500 మీటర్లు దాటగానే అతని పొజిషన్‌ని అందరిలోంచి తీసేయడం. అతను సున్నాకి వస్తాడు, ప్రపంచం వెనక్కి పోతుంది. పగలంతా బాగానే ఉంది. రాత్రి ఒక బాట్‌ని మ్యాప్ అంతా తిరగమని వదిలేశాం. పొద్దున చూస్తే నేల టైల్స్ మధ్య అక్కడక్కడా సన్నటి సందులు, వాటిలోంచి ఆకాశం రంగు చుక్కలు. అన్ని అతుకుల దగ్గరా లేవు, కొన్నిటి దగ్గరే ఉన్నాయి. ఆ "కొన్నిటి దగ్గరే" అన్న మాట నన్ను ఒక పూట కూర్చోబెట్టింది.

జరిగింది ఇది. ఆటగాడి పొజిషన్ 1,500.37 లాంటి అడ్డదిడ్డమైన అంకె. దాన్ని దూరపు టైల్ పొజిషన్‌లోంచి తీసేస్తే జవాబు ఆ దూరంలోని మెట్టుకి రౌండ్ అవుతుంది. ప్రతి జరుపుడుకీ కొత్త రౌండింగ్. టైల్ ఒక్కొక్కటి 2,048 మీటర్లు. పక్కపక్క టైల్స్ మూలలు రెండూ ఒకే మెట్టు ఉన్న పరిధిలో ఉంటే రెండిటికీ ఒకే తప్పు పడుతుంది, కలిసి జరుగుతాయి, సందు రాదు. ఒకటి 7 కిలోమీటర్ల దగ్గర, ఇంకొకటి 9 దగ్గర ఉంటే మధ్యలో 8,192 గీత ఉంది. ఒకదాని మెట్టు అర మిల్లీమీటరు, ఇంకోదానిది ఒక మిల్లీమీటరు. తప్పులు వేర్వేరు. రాత్రంతా వందల జరుపుళ్లలో అవి పోగుపడి కొన్ని మిల్లీమీటర్ల సందయ్యాయి.

ఇక్కడ రెండు నిర్ణయాలు తీసుకున్నాం. మొదటిది, జరిపే దూరం ఎప్పుడూ 1,024 మీటర్ల గుణిజంగానే ఉండాలి. 1,024 అనేది రెండు యొక్క ఘాతం కాబట్టి ఒకసారి మెట్టుకి అంటుకున్న విలువ ఎన్నిసార్లు అటూ ఇటూ జరిపినా మళ్లీ అక్కడికే వస్తుంది, తప్పు పోగుపడదు. టైల్ మూలలైతే మొదటిసారి కూడా చెదరవు. రెండోది, కదలని వస్తువులకి పాత స్థానంలోంచి తీసుకుంటూ పోవడం మానేసి, డబుల్‌లో దాచిన అసలు స్థానంలోంచి ప్రతిసారీ కొత్తగా లెక్క కట్టడం.

```cpp
const double CELL = 1024.0, LIMIT = 1536.0;
if (fabs(p.x) > LIMIT || fabs(p.z) > LIMIT) {
    dvec3 s(round(p.x / CELL) * CELL, 0.0,
            round(p.z / CELL) * CELL);
    shiftWorld(s);
}
```

హద్దు 1,536 ఎందుకంటే, దాటగానే 2,048 జరిగి ఆటగాడు −512 దగ్గర పడతాడు. వెనక్కి జరుపుడు జరగాలంటే అతను మరో 1,024 మీటర్లు వెనక్కి నడపాలి. హద్దు మీద ముందుకీ వెనక్కీ పార్కింగ్ చేస్తున్నవాడికి ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ జరుపుడు రాకూడదు కదా. 1,536 దగ్గర మెట్టు 0.12 మిల్లీమీటర్లు. పాకే లారీకి అది ధారాళంగా సరిపోతుంది.

ఫిజిక్స్ బాడీలని మొదట ఒక్కొక్కటిగా పొజిషన్ మార్చి జరిపాం. నిద్రలో ఉన్నవన్నీ లేచాయి, పోర్టులో పేర్చిన పెట్టెలు ఒక్కసారి కుదిలి రెండు కింద పడ్డాయి. పొజిషన్ మార్చడాన్ని లైబ్రరీ టెలిపోర్ట్‌గా చూసి, తాకిడి వివరాలు పారేసింది. సీన్ మొత్తాన్ని ఒకేసారి జరిపే ఫంక్షన్ అదే లైబ్రరీలో ఉంది. ఫిజెక్స్ అనే లైబ్రరీలో అయితే దాని పేరు `shiftOrigin`. అది పిలిస్తే పెట్టెలు కదల్లేదు. ఫిజిక్స్ అడుగు మొదలవకముందే పిలవాలి, మధ్యలో కాదు. గీయడానికి రెండు అడుగుల మధ్య ఇంటర్‌పొలేషన్ చేస్తున్నారు కాబట్టి పాత పొజిషన్‌ని కూడా అదే దూరం జరపాలి, లేకపోతే ఒక్క ఫ్రేమ్‌లో లారీ రెండు కిలోమీటర్ల దారిలో ఎక్కడో కనబడుతుంది.

ప్రపంచ పొజిషన్‌ని గుర్తుపెట్టుకున్నవాళ్లు

ఆ తర్వాత వారమంతా ఇదే వెతుకులాట, ఎవరెవరు పాత కోఆర్డినేట్ జేబులో పెట్టుకున్నారా అని. టైర్ల దుమ్ము పాత చోటే ఉండిపోయింది, పార్టికల్ బఫర్లని జరిపాం. కిందటి ఫ్రేమ్‌లని కలిపి అంచులని నున్నగా చేసే టీఏఏ వల్ల జరుపుడు ఫ్రేమ్‌లో తెర మొత్తం ఒక్క క్షణం పులుముకుంది. వీడియో రికార్డు చేసి ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూస్తే గానీ పట్టుబడలేదు. మోషన్ వెక్టర్ లెక్కలో కిందటి ఫ్రేమ్ కెమెరా పాత సున్నాలో, వస్తువు కొత్త సున్నాలో ఉన్నాయి. కిందటి ఫ్రేమ్ విలువలని కూడా జరిపితే పోయింది.

అన్నిటికంటే నీళ్లు ఎక్కువ సతాయించాయి. అలల షేడర్ ప్రపంచ x, z లని సైన్‌లో పెడుతుంది. సున్నా జరగ్గానే అలల ఆకారం గెంతింది. జరిగిన దూరం మొత్తాన్ని షేడర్‌కి పంపి కలుపుదామంటే పెద్ద అంకె ఫ్లోట్‌లోకి మళ్లీ వచ్చి చేరినట్టే. అందుకని అలలనే సర్దాం. జరుపుడు ఎప్పుడూ 1,024 గుణిజమే కాబట్టి, 1,024 మీటర్లలో పూర్ణసంఖ్య అలలు పడితే గెంతు కనబడదు. ఆర్టిస్టు పెట్టిన 7 మీటర్ల అలని 1024/146కి, అంటే 7.014కి, 11 మీటర్ల అలని 1024/93కి, అంటే 11.011కి మార్చాం. తేడా ఎవరికీ తెలియలేదు. ఏటవాలుగా పోయే అలలకి మాత్రం ఈ ఉపాయం నేరుగా పనిచేయదు. అలల పొడవు సరిపోతే చాలదు, x దిశలోనూ z దిశలోనూ విడివిడిగా 1,024 మీటర్లకి పూర్ణసంఖ్య రావాలి. దాంతో కొన్ని అలల దిశ అర డిగ్రీ అటూఇటూ తిప్పాల్సి వచ్చింది. 4, 8 మీటర్ల నేల టెక్స్చర్లకి ఏ గొడవా లేదు, అవి 1,024ని సరిగ్గా భాగిస్తాయి.

మిగిలినవి పట్టుకోవడానికి ఒక టెస్ట్ మోడ్ పెట్టాం. ఆటగాడు నిలబడి ఉండగానే ప్రతి సెకనుకీ ప్రపంచాన్ని 1,024 అటు, 1,024 ఇటు జరపడం. సరిగ్గా ఉంటే తెర మీద ఏమీ కాకూడదు. పక్షుల శబ్దం, రోడ్డు మీది వర్షపు చారలు, పోలీసు బండి దారి వెతుకులాట, మూడూ ఆ మోడ్ పెట్టిన మొదటి పావుగంటలో దొరికాయి.

కెమెరా దగ్గర తీసివేతని ఇప్పుడు తీసేయొచ్చా అని అడిగారు. ఉంచమన్నాను. ఫిజిక్స్‌కి జరుపుడు, గీయడానికి తీసివేత, రెండూ వేర్వేరు పనులు. ర్యాంపు మీద ఆ అమ్మాయే మళ్లీ పరీక్షించింది. తూర్పుకి తిప్పినా ఉత్తరానికి తిప్పినా లారీ ఒకే వేగంతో పాకింది.

ఇది చాలని చోటు

విడుదల తర్వాత ఇద్దరు కలిసి ఆడే మోడ్ కావాలన్నారు. ఆతిథ్యమిచ్చే మెషిన్‌లో ఇద్దరి ఫిజిక్సూ నడుస్తుంది. ఒకరు పడమటి ఊళ్లో, ఇంకొకరు పోర్టులో ఉంటే సున్నాని ఎవరి దగ్గర పెట్టాలి? ఒకరికి పెడితే రెండోవాడు మళ్లీ 52వ కిలోమీటరులో ఉన్నట్టే. నెట్‌వర్క్ ప్యాకెట్లలో పొజిషన్‌ని గడి సంఖ్యగా, గడిలోపలి దూరంగా విడదీసి పంపడం సులువుగానే అయింది. ఫిజిక్స్‌కి మాత్రం ఆటగాళ్లు 3 కిలోమీటర్లకి మించి విడిపోగానే రెండో సీన్ తెరిచి, దేని సున్నా దానికి పెట్టాల్సి వచ్చింది. వాళ్లు మళ్లీ దగ్గరైనప్పుడు రెండు సీన్లనీ కలిపే క్షణంలో, ఒకరి ట్రైలర్ ఇంకొకరి సీన్‌లోకి మారుతూ ఒక్కోసారి ఇంకా కుదుపు ఇస్తోంది. ఆ బగ్ ఈ రాత రాసేనాటికి తెరిచే ఉంది.